ఫుల్ అండ్ ఫైనల్ షీటును పద్దులవారీగా విడగొట్టి, చేతికిచ్చే మొత్తం తేల్చడం ఎలా

చిన్న కంపెనీల్లో జీతాల పని చూసేవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఫలానా ఉద్యోగి రాజీనామా చేశారు. హెచ్‌ఆర్ నుంచి సెటిల్‌మెంట్ షీటు వచ్చింది. అందులో మూడు లైన్లే ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఎలా సరిచూసుకోవాలి?" అడిగిన ప్రతిసారీ ఫోన్లో చెప్పడం కంటే ఒక చోట రాసి పెట్టడం నయమనిపించింది.

వివరణకు ఒక ఉదాహరణ తీసుకుందాం. మనుషుల పేర్లు, కంపెనీ పేరు అక్కర్లేదు. ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. షీటులో ఉన్నది ఇంతే:

- మొత్తం చెల్లించాల్సింది: ₹1,71,500
- మొత్తం కోతలు: ₹17,500
- నికరం: ₹1,54,000

కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఈ షీటు తప్పు. ఒక్కో పద్దునూ విడదీసి చూస్తే ఆరు చోట్ల తేడా బయటపడుతుంది. కొన్ని ఉద్యోగికి నష్టం, ఒకటి కంపెనీకి నష్టం. అన్నీ కలిసి ఒకదాన్నొకటి కప్పేసుకోవడంతో పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది.

ముందు బల్ల మీద ఉండాల్సినవి

అపాయింట్‌మెంట్ లెటర్, తర్వాత వచ్చిన ఇంక్రిమెంట్ లెటర్లు. రాజీనామా మెయిల్, దానికి మేనేజర్ ఇచ్చిన జవాబు, రిలీవింగ్ తేదీ ఖరారు చేసిన మెయిల్. చివరి మూడు నెలల పేస్లిప్పులు. సెలవుల రిజిస్టర్ (ఇప్పుడున్న నిల్వ ఒక్కటే కాదు, ఏడాది మొదటి నుంచి జమ అయినవీ వాడుకున్నవీ కనిపించేది). లీవ్ పాలసీ. అడ్వాన్సు లేదా లోను లెడ్జర్. అన్ని విభాగాల సంతకాలతో నో డ్యూస్ పత్రం. వీటిలో ఏది లేకపోయినా ఆ పద్దు దగ్గర ఆగండి, ఊహించి అంకె వేయకండి.

1. రెండు తేదీలు తేల్చండి

మొదటిది రాజీనామా తేదీ, రెండోది ఆఖరి పని దినం. జీతం, నోటీసు, సెలవులు, గ్రాట్యుటీ అన్నీ వీటి మీదే ఆధారపడతాయి. మన ఉదాహరణలో చేరింది 2019 జులై 8న. రాజీనామా మెయిల్ పంపింది 2025 డిసెంబర్ 31న. నోటీసు 60 రోజులు, మెయిల్ అందిన రోజు నుంచే లెక్క అని లెటర్‌లో రాసి ఉంది. అంటే డిసెంబర్‌లో 1, జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మొత్తం 60. నోటీసు ఫిబ్రవరి 28తో ముగియాలి. మేనేజర్ ఒప్పుకుని ఫిబ్రవరి 23నే పంపించారు. తక్కువైనవి 5 రోజులు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మెయిల్ పంపిన మర్నాటి నుంచి లెక్కపెట్టడం. అప్పుడు నోటీసు మార్చి 1 దాకా పోయి, తక్కువైనవి 6 రోజులవుతాయి. ఒక రోజే కదా అనుకోవచ్చు గానీ, ఆ ఒక రోజు ఉద్యోగి జేబులోంచి పోతుంది. లెటర్‌లో ఏ మాట ఉందో అదే పాటించండి. లెటర్‌లో ఏమీ లేకపోతే మీ కంపెనీ ఇంతకుముందు అందరికీ ఎలా లెక్కపెట్టిందో అలాగే చేసి, ఆ సంగతి షీటు కింద ఒక వాక్యం రాయండి.

2. ఆఖరి నెల జీతాన్ని భాగాలుగా రాయండి

నెల జీతం ₹45,000. అందులో బేసిక్ ₹30,000, ఇంటద్దె అలవెన్సు ₹12,000, కన్వేయన్స్ ₹3,000. జనవరి జీతం మామూలుగానే పడింది. మిగిలింది ఫిబ్రవరిలో 23 రోజులు. జీతం లేని సెలవులు లేవు. ఉంటే ఈ 23లోంచి ముందే తీసేయాలి.

ఎన్నింటితో భాగించాలన్నదే ఇక్కడ ప్రశ్న. ఈ కంపెనీ ప్రతి నెలా ఆ నెలలోని అసలు రోజులతోనే భాగిస్తుంది. అది పాత పేస్లిప్పులు చూస్తే తెలిసిపోతుంది. ఎవరైనా నెల మధ్యలో చేరినప్పటిది, లేదా జీతం కోసినప్పటిది ఒక స్లిప్పు తీసి చూడండి. ఫిబ్రవరికి 28 రోజులు కాబట్టి:

- బేసిక్: 30,000 × 23 ÷ 28 = ₹24,643
- ఇంటద్దె అలవెన్సు: 12,000 × 23 ÷ 28 = ₹9,857
- కన్వేయన్స్: 3,000 × 23 ÷ 28 = ₹2,464
- మొత్తం: ₹36,964

హెచ్‌ఆర్ షీటులో ₹34,500 ఉంది. సెటిల్‌మెంట్ కదా అని 30తో భాగించారు. ఏడాది పొడుగునా ఒక పద్ధతి, వెళ్లేటప్పుడు ఇంకో పద్ధతి పనికిరాదు. మీ కంపెనీ ఎప్పుడూ 30తోనే భాగిస్తుంటే ఇక్కడా 30 సరైనదే.

ఇంకో జాగ్రత్త. నోటీసు 5 రోజులు తక్కువైంది కదా అని 23లోంచి 5 తీసేసి 18 రోజుల జీతం చూపించకండి. వచ్చిన జీతం వేరు, రాబట్టే మొత్తం వేరు. రెండింటినీ ఒకే లైన్లో కలిపేస్తే పీఎఫ్ లెక్క తప్పుతుంది. రేపు ఫారం 16లో జీతం అంకెకీ షీటుకీ పొంతన ఉండదు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క అలవాటే పట్టుకోవాలంటే ఇదే పట్టుకోండి: ఏ పద్దునూ ఇంకో పద్దులో కలపకండి.

3. సెలవుల నగదు: స్క్రీన్ మీద అంకెను నమ్మకండి

నాకు తెలిసి అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. లీవ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆర్జిత సెలవుల నిల్వ 32 అని చూపించింది. షీటులో 32 రోజులకు ₹32,000 వేశారు.

ఆ 32 ఎలా వచ్చిందో చూడండి. పోయిన ఏడాది నుంచి తెచ్చుకున్నవి 16. జనవరి 1న ఈ ఏడాదికి 18 ఒకేసారి జమయ్యాయి. జనవరిలో వాడుకున్నవి 2. 16 + 18 − 2 = 32. కానీ ఆ 18 పన్నెండు నెలలు పనిచేస్తే వచ్చేవి. ఈ ఉద్యోగి పనిచేసింది రెండు నెలలే (15 రోజులు దాటితే నెలగా లెక్క అని ఈ కంపెనీ పాలసీ, ఫిబ్రవరి అలా చేరింది). నెలకు ఒకటిన్నర చొప్పున 3 రోజులే. కాబట్టి అసలు నిల్వ 16 + 3 − 2 = 17.

రేటు పాలసీలో ఉన్నట్టే తీసుకోండి. ఇక్కడ బేసిక్ ÷ 30, అంటే రోజుకు ₹1,000. మొత్తం ₹17,000. కొన్ని కంపెనీలు 26తో భాగిస్తాయి, కొన్ని గ్రాస్ మీద ఇస్తాయి. క్యాజువల్ సెలవులకు, సిక్ లీవులకు మామూలుగా నగదు ఉండదు. అవి నిల్వలో కలిసిపోయాయేమో ఒకసారి చూడండి.

దీని మీద పీఎఫ్ కోయకూడదు. సెలవుల నగదు బేసిక్ వేతనంలోకి రాదని సుప్రీం కోర్టు 2008లోనే తేల్చింది.

4. గ్రాట్యుటీ: రోజులకు 26, సంవత్సరాలకు ఆరు నెలల గీటు

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో అయిదేళ్లు నిండిన ఉద్యోగికి రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. సూత్రం: ఆఖరి నెల వేతనం × 15 ÷ 26 × సర్వీసు సంవత్సరాలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. గరిష్ఠ పరిమితి ₹20 లక్షలు.

సర్వీసు 2019 జులై 8 నుంచి 2026 ఫిబ్రవరి 23 వరకు: ఆరేళ్ల ఏడు నెలలు, పైన కొన్ని రోజులు. ఆరు నెలలు దాటింది కాబట్టి 7 ఏళ్లు. ఎక్సెల్‌లో ఇలా చూసుకోవచ్చు (B2లో చేరిన తేదీ, B3లో ఆఖరి తేదీ, B4లో వేతనం, B5లో తేలిన సంవత్సరాలు):

```
=DATEDIF(B2,B3,"y")
=DATEDIF(B2,B3,"ym")
=ROUND(B4*15/26*B5,0)
```

30,000 × 15 ÷ 26 × 7 = ₹1,21,154. షీటులో ₹1,05,000 ఉంది. 26 బదులు 30 వేశారు. నెలలో ఆదివారాలు తీసేస్తే మిగిలే 26 పని దినాలను చట్టం తీసుకుంటుంది కాబట్టి, జీతానికి మీ కంపెనీ ఏ సంఖ్య వాడినా గ్రాట్యుటీకి మాత్రం 26 మారదు.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంటుంది. "ఆఖరి వేతనం" అనగానే ఫిబ్రవరి బేసిక్ ₹24,643 తీసుకుంటారు. అది 23 రోజుల వేతనం. కావాల్సింది పూర్తి నెల రేటు, ₹30,000.

2025 నవంబర్ 21 నుంచి కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక "వేతనం" నిర్వచనం కూడా చూసుకోవాలి. ఇంటద్దె అలవెన్సు, కన్వేయన్స్ లాంటివి వేతనంలోంచి మినహాయిస్తారు. కానీ మినహాయించినవన్నీ కలిసి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం మళ్లీ వేతనంలో కలుస్తుంది. మన ఉదాహరణలో మినహాయించినవి ₹15,000, సగం ₹22,500, కాబట్టి ఇబ్బంది లేదు. మీ జీతాల్లో "స్పెషల్ అలవెన్సు" పేరుతో పెద్ద అంకె ఉంటే మాత్రం బేసిక్ ఒక్కటే పట్టుకుని గ్రాట్యుటీ కట్టేయకండి. ఆ పేరు మినహాయింపుల జాబితాలో లేదు.

5. మిగిలిన బాకీలు

ఆమోదం పొంది, చెల్లించకుండా మిగిలిన రీయింబర్స్‌మెంట్లు వెతకండి. ఇక్కడ ప్రయాణ ఖర్చుల బిల్లు ₹3,250 జనవరిలోనే మేనేజర్ ఓకే చేశారు. అకౌంట్స్ ట్రేలో ఉండిపోయింది, షీటులోకి ఎక్కలేదు. ఇది జీతం కాదు, దీని మీద పీఎఫ్ గానీ పన్ను గానీ ఉండదు. ఇన్సెంటివ్, బోనస్ ఏవైనా రావాల్సి ఉంటే అవీ ఇక్కడే, ఒక్కోదానికి ఒక్కో లైను.

మొత్తం రావాల్సింది: 36,964 + 17,000 + 1,21,154 + 3,250 = ₹1,78,368

6. కోతలు: కాగితం లేని కోత వేయకండి

పీఎఫ్ ముందు చూద్దాం. ఈ కంపెనీ ₹15,000 పరిమితి మీదే కడుతుంది. 23 రోజులకు వచ్చిన బేసిక్ ₹24,643, పరిమితి కంటే ఎక్కువే. కాబట్టి 12 శాతం చొప్పున పూర్తి ₹1,800. పరిమితిని కూడా 23/28తో తగ్గించి ₹1,479 వేయడం తప్పు. వృత్తి పన్ను తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ₹20,000 దాటిన జీతానికి నెలకు ₹200.

టీడీఎస్ ఈ కేసులో సున్నా. ఏప్రిల్ నుంచి జనవరి దాకా ₹4,50,000, దానికి ₹36,964 కలిపి, కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ ₹75,000 తీసేస్తే మిగిలేది దాదాపు ₹4.12 లక్షలు. రిబేటుతో పన్ను పోతుంది. గ్రాట్యుటీ, సెలవుల నగదు రెండూ ఈ మొత్తాల్లో మినహాయింపు పరిధిలోనే ఉన్నాయి. జీతం పెద్దదైతే మాత్రం ఈ పద్దును తేలిగ్గా తీసుకోకండి. ఆఖరి చెల్లింపులో పన్ను పట్టుకోకపోతే తర్వాత పట్టుకోవడానికి జీతమే ఉండదు.

నోటీసు రికవరీకి లెటర్ తెరవండి. "తక్కువైన రోజులకు బేసిక్ వేతనం" అని ఉంది. 30,000 ÷ 30 × 5 = ₹5,000. షీటులో గ్రాస్ మీద ₹7,500 కోశారు. లెటర్‌లో "గ్రాస్" అని ఉంటే అదే సరైనది. మాట ఏదైతే అంకె అదే. కొన్ని కంపెనీలు తక్కువైన రోజులకు సెలవులు సర్దుకోనిస్తాయి. ఇక్కడ రెండింటి రేటూ ₹1,000 కాబట్టి నికరంలో తేడా రాదు. నగదు బేసిక్ మీద ఇచ్చి, కోత గ్రాస్ మీద వేసే చోట మాత్రం సర్దుబాటు ఉద్యోగికి లాభం. పాలసీలో ఆ వీలుంటే అడగకముందే చెప్పండి. ఈ రికవరీ మీద జీఎస్టీ వేయాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు, 2022 ఆగస్టు సర్క్యులర్‌లో ఆ సంగతి స్పష్టం చేశారు.

అడ్వాన్సు. తీసుకున్నది ₹20,000, నెలకు ₹4,000 కోత. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి పేస్లిప్పుల్లో కోత కనిపిస్తోంది, అంటే ₹16,000 తీరింది, మిగిలింది ₹4,000. లెడ్జర్‌లో జనవరి ఎంట్రీ పడక షీటులో ₹8,000 వచ్చింది. నేనూ ఒకసారి సరిగ్గా ఈ తప్పే చేశాను. లెడ్జర్ ఒక్కటే చూసి కోసేశాను. ఆ అబ్బాయి వారం తర్వాత పేస్లిప్పు ప్రింటు తీసుకుని వచ్చి, ఏమీ అనకుండా నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. అప్పటినుంచి లెడ్జర్‌నూ పేస్లిప్పునూ పక్కపక్కన పెట్టి ఒక్కో కోతకు టిక్కు పెట్టుకుంటున్నాను.

ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, సిమ్ కార్డు లాంటివి తిరిగిచ్చినట్టు నో డ్యూస్‌లో సంతకాలున్నాయి కాబట్టి ఆ పద్దు సున్నా. ఏదైనా పోయిందని కోయాలంటే ముందు ఆ వ్యక్తికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కొత్త వస్తువు ధర మొత్తం వేసేయకూడదు.

మొత్తం కోతలు: 1,800 + 200 + 0 + 5,000 + 4,000 = ₹11,000

వేతన కోడ్ ప్రకారం ఒక జీతకాలంలో కోతలు ఆ వేతనంలో సగం దాటకూడదు. కఠినంగా ఫిబ్రవరి బేసిక్ ఒక్కటే తీసుకున్నా సగం ₹12,321 అవుతుంది. మనం లోపలే ఉన్నాం.

7. నికరం, దాని పక్కనే తేడా పట్టిక

1,78,368 − 11,000 = ₹1,67,368

ఇక్కడితో ఆపకండి. పాత షీటుకూ మీ లెక్కకూ తేడా ₹13,368. ఆ తేడా ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో పూర్తిగా వివరించగలిగితేనే మీ లెక్క సరైనట్టు.

| పద్దు | పాత షీటు | సరైనది | నికరంపై ప్రభావం |
|---|---|---|---|
| జీతం | 34,500 | 36,964 | +2,464 |
| సెలవుల నగదు | 32,000 | 17,000 | −15,000 |
| గ్రాట్యుటీ | 1,05,000 | 1,21,154 | +16,154 |
| ప్రయాణ బిల్లు | 0 | 3,250 | +3,250 |
| నోటీసు కోత | 7,500 | 5,000 | +2,500 |
| అడ్వాన్సు కోత | 8,000 | 4,000 | +4,000 |
| పీఎఫ్, వృత్తి పన్ను | 2,000 | 2,000 | 0 |
| మొత్తం | 1,54,000 | 1,67,368 | +13,368 |

చివరి గడిలో ఒక్క రూపాయి తేడా వచ్చినా వదలకండి. రౌండింగ్ వల్లే అయితే ఏ లైన్లో వచ్చిందో తెలియాలి. సెలవుల నగదు, గ్రాట్యుటీ వరుసలు చూడండి. ఒకటి పదిహేను వేలు ఎక్కువ, ఇంకొకటి పదహారు వేలు తక్కువ. రెండూ కలిపి ఒకే లైన్లో చూపించి ఉంటే తేడా ₹1,154గానే కనిపించేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

ఉద్యోగికి పంపే కాపీలో ప్రతి లైను పక్కనా లెక్క కనిపించాలి: "30,000 × 15 ÷ 26 × 7" అని. అంకె ఒక్కటే పంపితే నాలుగు మెయిళ్లు వస్తాయి. లెక్కతో పంపితే ఒకటి వస్తుంది, అదీ ఓకే అని.

8. గడువులు

వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ల వేతనం రెండు పని దినాల్లో ఇవ్వాలి. "నలభై అయిదు రోజుల్లో సెటిల్ చేస్తాం" అని పాత పాలసీలో ఉంటే మార్చుకోండి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువుంది. అందుకే చాలామంది రెండు చెల్లింపులు చేస్తారు, షీటు ఒకటే ఉంచి చెల్లింపు తేదీలు పక్కన రాస్తారు. ఉద్యోగి ఖాతాలో ఉన్న పీఎఫ్ సొమ్ము ఈ షీటులోకి రాదు. మీరు చేయాల్సింది ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ వేయడం. అది 23 ఫిబ్రవరి. నోటీసు ముగిసే 28 కాదు.

నికరం మైనస్‌లో వస్తే?

జాయినింగ్ బోనస్ వెనక్కి ఇవ్వాల్సి ఉన్నప్పుడో, నోటీసు అసలు చేయకుండా వెళ్లిపోయినప్పుడో ఇలా జరుగుతుంది. అప్పుడు అందరి చూపూ గ్రాట్యుటీ మీద పడుతుంది. దాన్ని అప్పుకో నోటీసుకో సర్దేయకండి. గ్రాట్యుటీని ఆపడానికి చట్టం చెప్పిన కారణాలు దుష్ప్రవర్తన మీదో, నష్టం కలిగించినందుకో తొలగించిన సందర్భాలకు సంబంధించినవి. తనంతట తాను రాజీనామా చేసిన మనిషికి అవి వర్తించవు. గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించండి. షీటును రెండు భాగాలు చేయండి. మొదటి భాగంలో జీతం, సెలవుల నగదు, కోతలు వేసి, మిగిలిన బాకీ ఎంతో చూపించండి. రెండో భాగంలో గ్రాట్యుటీ ఒక్కటే ఉంచండి. మొదటి భాగంలో తేలిన బాకీని ఏ పద్దు కింద, లెటర్‌లోని ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాసి, విడిగా ఒక ఉత్తరంతో పంపండి.